వరుసలు 1890, ఏళ్లు 30: అనంతపురం బెట్ట అంచనాలను ఎలా నమ్మాలి?

అనంతపురం మెట్ట పొలాల్లో విత్తనం పడేది తేదీ చూసి కాదు, పదును చూసి. జూన్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా సరిపడా వాన ఎప్పుడు పడితే అప్పుడు గొర్రు కదులుతుంది. ఈ జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులో దాదాపు ఐదింట మూడు వంతులు నైరుతి కాలంలోనే రావాలి. ఎర్ర నేలలు, పైగా లోతు తక్కువ. పడిన తడిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేవు. మొదటి పదునుకు విత్తిన వేరుశనగకు ఆ తర్వాత మూడు వారాలు బెట్ట తగిలితే మొలక మాడుతుంది. ఊడలు దిగే వేళకు తగిలితే అవి గట్టిపడిన నేలలోకి దిగలేక పైనే ఆగిపోతాయి. అందుకే రైతు ప్రశ్న ఏటా ఒకటే: ఈ పదునుకు విత్తితే బెట్ట తగులుతుందా, తగలదా?

అవును, కాదు అని రెండే జవాబులున్న ప్రశ్న కనుక యంత్ర అభ్యసన భాషలో దీన్ని క్లాసిఫయర్ పని అంటారు. గత ఏళ్ల వాన లెక్కలు, సముద్ర ఉష్ణోగ్రతలు, ఉపగ్రహ చిత్రాల్లోని పచ్చదనం ఇచ్చి, బెట్ట తగిలిన సందర్భాలనూ తగలని సందర్భాలనూ చూపిస్తే, కొత్త సందర్భానికి అది జవాబు చెబుతుంది. ఇలాంటి నమూనా కట్టడం ఇప్పుడు కష్టమైన పనేమీ కాదు. అది ఎంత బాగా పనిచేస్తుందో నిజాయితీగా చెప్పడమే కష్టం. ఈ సమీక్ష ఆ రెండో పని గురించి.

తెలుగు నేలలో దీనికి అతి దగ్గరి ఉదాహరణ పక్కనే ఉన్న కర్నూలు జిల్లా దేవనకొండ మండలానిది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 2016 ఖరీఫ్‌లో అక్కడ 175 మంది వేరుశనగ రైతులకు తెలుగులో ఫోన్ సందేశాలు పంపాయి. 1986 నుంచి 2015 దాకా, అంటే 30 ఏళ్ల వాతావరణ వివరాలతో తేమ సరిపాటు సూచీని లెక్కగట్టి, జూన్ మొదట్లోనే తొందరపడి విత్తవద్దని, ఫలానా వారం దాకా ఆగమని చెప్పాయి. ఆ సీజన్‌లో దిగుబడి 30 శాతం పెరిగిందన్న మాట బాగా ప్రచారమైంది. మరుసటి ఏడాది ఈ సలహా ఆంధ్ర, కర్ణాటకల్లో మూడు వేల మందికి పైగా రైతులకు చేరింది. ఆ ప్రయత్నం విలువైనదే. కానీ దాన్ని చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 175 మంది రైతులు ఉన్నా, వాళ్లందరి మీదా పడింది ఒకే ఏడాది వాన. జూన్ ఆఖరు దాకా ఆగడం ఆ ఏడాది కలిసివచ్చిందని అది చెబుతుంది. ఆగమనే సలహా పదేళ్లలో ఎన్నిసార్లు కలిసివస్తుందో 175 మందిని కాదు, పదిహేడు వందల మందిని అడిగినా తెలియదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఇంతే: కరువు అంచనాలో సాక్షి రైతు కాడు, మండలం కాదు, ఏడాది. నివేదికలోని ప్రతి అంకె ఆ లెక్కకు లోబడి ఉండాలి.

వరుసలు ఎక్కడినుంచి వస్తాయి

ఒక పని ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని ఫలితాల అంకెలు లెక్క నడక చూపడానికి నేను వేసుకున్నవి, ఏ సంస్థ నమూనావీ కావు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 63 మండలాలు. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోక ముందటి లెక్క ఇది. దేవనకొండ ప్రయోగంలో వాడిన 1986–2015 కాలాన్నే ఇక్కడా తీసుకుంటే 63 మండలాలు, 30 ఏళ్లు, మొత్తం 1890 వరుసలు. ప్రతి వరుసకూ ఒక గుర్తు: విత్తే పదును పడిన తర్వాత 60 రోజుల్లో వరుసగా 21 రోజులు వాన రోజు లేకుండా పోతే 'బెట్ట', లేకపోతే 'బెట్ట లేదు'. వాన రోజంటే భారత వాతావరణ శాఖ కొలత ప్రకారం కనీసం 2.5 మిల్లీమీటర్లు పడిన రోజు. ఈ 1890లో 567 బెట్ట వరుసలు, అంటే 30 శాతం అనుకుందాం.

1890 అన్న అంకె చూడగానే చేతిలో చాలా సరుకు ఉన్నట్టు అనిపిస్తుంది. అందులో ఎంత నిజంగా వేరువేరుగా ఉందో చూడాలి. వాతావరణ శాఖ రోజువారీ వాన గళ్లు పావు డిగ్రీవి. అనంతపురం అక్షాంశంలో ఒక్కో గడి సుమారు 740 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు కనుక జిల్లా అంతా ఇరవై ఆరు గళ్లలో ఇమిడిపోతుంది. సగటున రెండు మూడు మండలాలు ఒకే గడిని పంచుకుంటాయి. పక్క గళ్లు కూడా పూర్తిగా వేరు కావు. ఒకే వానమాపక కేంద్రం కొలతను చుట్టుపక్కల గళ్లన్నిటికీ సర్దుతారు. కళ్యాణదుర్గం వరుసకూ దాని పక్క మండలం వరుసకూ మధ్య తేడా చాలాసార్లు పేరులోనే ఉంటుంది.

వాన కంటే కూడా మోసం చేసేది సముద్రపు అంకె. పసిఫిక్ మహాసముద్రపు ఉష్ణోగ్రత సూచీ నీనో 3.4ను ఇలాంటి నమూనాల్లో తరచుగా వాడతారు, వాడాలి కూడా. కానీ ఒక ఏడాది మే నెల సూచీ జిల్లాలోని 63 మండలాలకూ ఒకటే. రెండు మూడు దశాంశాలతో రాస్తే రెండేళ్ల విలువ ఒకటే కావడం అరుదు. నిర్ణయ వృక్షాలతో కట్టే రాండమ్ ఫారెస్ట్ లాంటి నమూనాకు అది ఉష్ణోగ్రత కాదు, ఆ ఏడాది పేరు. ఆ అంకె కనిపిస్తే చాలు, 'ఇది ఫలానా ఏడు, ఆ ఏడు అన్ని చోట్లా బెట్టే' అని జ్ఞాపకం నుంచి చెప్పేస్తుంది. సముద్రానికీ వానకూ ఉన్న సంబంధం అది నేర్చుకోనేలేదు.

మడతలు ఎలా వేయాలి

క్రాస్ వాలిడేషన్ ఆలోచన సరళమైనది. ఉన్న వివరాలను కొన్ని మడతలుగా విడదీసి, ఒక్కో మడతను దాచి, మిగతావాటితో నమూనాకు నేర్పి, దాచిన మడత మీద పరీక్షించాలి. 1970ల మధ్యలో మెర్విన్ స్టోన్, సేమూర్ గైసర్ దీన్ని గణాంక పద్ధతిగా నిలబెట్టారు. దాచినది నమూనాకు నిజంగా కొత్తదై ఉండాలన్నది దాని ప్రాణం. వరుసలను చీట్లలా కలిపి ఐదు మడతలు వేస్తే ఈ ప్రాణం పోతుంది. ఒక ఏడాదివి 63 వరుసలు ఉంటే సుమారు 50 నేర్చుకునే వైపుకూ 13 పరీక్ష వైపుకూ వెళతాయి. పరీక్షలోని ప్రతి వరుసకూ అదే ఏడాది నుంచి, చాలాసార్లు అదే వాన గడి నుంచి, ఒక జంట వరుస నమూనా ముందే చూసేసి ఉంటుంది.

మన ఉదాహరణలో అలా చేస్తే 86.8 శాతం సరైన జవాబులు వచ్చాయనుకుందాం. పత్రికకు పంపదగిన అంకె. అదే నమూనాను ఏడాదికొక మడతగా, ఒక్కో ఏడాదిని మొత్తంగా దాచి పరీక్షిస్తే 68.1కి పడిపోయింది. నమూనా మారలేదు, వివరాలు మారలేదు. మడత వేసిన తీరు ఒక్కటే మారింది. సైకిట్-లెర్న్ వాడేవారికి ఈ మార్పు రెండు పంక్తుల పని:

```python
from sklearn.model_selection import LeaveOneGroupOut, cross_val_predict

p = cross_val_predict(model, X, y, groups=year,
                      cv=LeaveOneGroupOut(),
                      method="predict_proba")[:, 1]
```

ఇలాంటి పతనం ఊహాజనితం కాదు. పియర్ ప్లోటన్, సహచరులు 2020లో మధ్య ఆఫ్రికా కాంగో అడవుల్లో చెట్ల జీవరాశిని అంచనా వేసే రాండమ్ ఫారెస్ట్‌ను ఇలాగే రెండు రకాలుగా పరీక్షించారు. యాదృచ్ఛిక మడతల్లో నమూనా సగానికి పైగా తేడాలను వివరిస్తున్నట్టు కనిపించింది. దూరపు ప్రాంతాలను మొత్తంగా దాచి పరీక్షిస్తే దాని శక్తి దాదాపు సున్నా అయింది. ప్రిన్స్‌టన్‌లోని సాయశ్ కపూర్, అరవింద్ నారాయణన్ 2023లో 17 శాస్త్ర రంగాలను వెతికితే, పరీక్షలోకి శిక్షణ వివరాలు కారిపోయిన తప్పు 294 పరిశోధన పత్రాలను తాకిందని తేలింది. ఈ కారడాన్నే లీకేజీ అంటున్నారు. ఎక్కడో కొందరు అజాగ్రత్తపరులు చేసే పొరపాటుగా దీన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు.

వాన విషయంలో లీకేజీకి మరో దారి తేదీల నుంచి వస్తుంది. నిర్ణయం జూలై 5న తీసుకోవాలంటే నమూనా జూలై 5 దాకా తెలిసినవే చూడాలి. కానీ మోడిస్ ఉపగ్రహ పరికరం ఇచ్చే పచ్చదనం సూచీ 16 రోజుల మిశ్రమం. జూన్ చివరి మిశ్రమంగా ఫైల్లో కనిపించేది జూలై రెండో వారపు చూపును కూడా కలుపుకుని ఉండవచ్చు. 'సాధారణ వర్షపాతం నుంచి వ్యత్యాసం' అన్న గడిలో ఆ 'సాధారణం' మొత్తం 30 ఏళ్ల సగటైతే, దాచిన ఏడాది కూడా అందులో దాక్కుని ఉంటుంది. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి, కానీ నివేదికలో ఒక్కో గడి ఏ తేదీ నాటికి రైతుకు నిజంగా అందేదో రాసి ఉంటే చదివేవారు పట్టుకోగలుగుతారు.

లీకేజీ ఉందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. అది చవక, అయినా తక్కువమంది చేస్తారు. ఒక్కో ఏడాది బెట్ట గుర్తుల కట్టను విడదీయకుండా మొత్తంగా తీసుకెళ్లి మరో ఏడాదికి అంటించాలి. 1991 గుర్తులు 2004కి, 2004వి 1998కి, ఇలా చీట్లు తీసినట్టు. ఇప్పుడు వానకూ బెట్టకూ మధ్య ఉన్న అసలు సంబంధం తెగిపోయింది. నేర్చుకోవడానికి ఏమీ మిగలలేదు. అయినా యాదృచ్ఛిక మడతల్లో నమూనా మార్కులు ఎక్కువగానే నిలిచాయంటే అది ఏడాది పేరును బట్టీ పట్టిందన్నమాటే. ఏడాది మడతల్లో మార్కులు నైపుణ్యం లేని స్థాయికి పడాలి. పడకపోతే ఎక్కడో చిల్లు ఉంది.

ఏడాది మడత కూడా అన్నిటికీ మందు కాదు. వరుసగా వచ్చే ఏళ్లు ఒకదాని నుంచి ఒకటి పూర్తిగా వేరు కావు. 2014, 2015 రెండూ దేశమంతటా కరువు ఏళ్లే. అందుకని రెండు మూడేళ్ల కట్టలుగా దాచి కూడా ఒకసారి చూడాలి. కాలంతో వాన తీరు మారుతోందన్న అనుమానం ఉంటే, పాత ఏళ్లతో నేర్పి తర్వాతి ఏళ్ల మీద మాత్రమే పరీక్షించే వరుస కూడా చూపాలి. అలా చేస్తే మొదటి ఏళ్లలో నేర్చుకునేందుకు సరుకు తక్కువై మార్కులు ఇంకా పడతాయి. అదీ తెలియవలసిన విషయమే.

నాలుగు గళ్లు

ఏడాది మడతలతో వచ్చిన జవాబులను నాలుగు గళ్లలో పెడితే ఇలా ఉంటుంది. దీన్నే కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ అంటారు.

| | 'బెట్ట' అంది | 'బెట్ట లేదు' అంది |
|---|---|---|
| బెట్ట తగిలింది | 295 | 272 |
| బెట్ట తగల్లేదు | 331 | 992 |

సరైనవి 295, 992 కలిపి 1287. అంటే 68.1 శాతం. నమూనా ఏదీ లేకుండా, ఏటా అన్ని మండలాలకూ 'బెట్ట లేదు' అని రాసిపెట్టినా 70 శాతం సరైనదవుతుంది. అంటే మన క్లాసిఫయర్ ఆ బద్ధకపు జవాబు కంటే తక్కువ. పనికిరానిదని పారేయాలా?

ఈ ప్రశ్నకు 1884 నాటి సంఘటన జవాబు చెబుతుంది. అమెరికా సైన్యపు వాతావరణ విభాగంలో పనిచేసిన జాన్ ఫిన్లీ టోర్నడో సుడిగాలులను ముందే చెప్పడానికి ప్రయత్నించాడు. 2803 అంచనాల్లో టోర్నడో వస్తుందన్నవి 100. వాటిలో 28 నిజమయ్యాయి, 72 కాలేదు. చెప్పకుండా వచ్చినవి 23. మిగిలిన 2680 సార్లు రాదన్నాడు, రాలేదు. మొత్తం మీద 96.6 శాతం సరైనవని లెక్క చూపాడు. అసలు టోర్నడోనే రాదని ప్రతిసారీ చెప్పి ఉంటే 98.2 శాతం వచ్చేదని భూవిజ్ఞాని గిల్బర్ట్ ఎత్తిచూపాడు. అయితే ఫిన్లీ నైపుణ్యం సున్నా కూడా కాదు. వచ్చిన 51లో సగానికి పైగా పట్టుకున్నాడు, అదీ టోర్నడో రాని సందర్భాలతో పోలిస్తే చాలా తక్కువ తప్పుడు హెచ్చరికలతో. అదే ఏడాది తత్వవేత్త చార్లెస్ పియర్స్ దీనికి ఒక కొలత ఇచ్చాడు: నిజంగా వచ్చినవాటిలో పట్టుకున్న వంతు నుంచి, రానివాటిలో తప్పుగా హెచ్చరించిన వంతును తీసేయాలి. బద్ధకపు జవాబుకు ఆ కొలతలో సున్నా వస్తుంది, ఫిన్లీకి 0.52.

మన పట్టికకు అదే కొలత వేద్దాం. 567 బెట్టల్లో 295 పట్టింది, 52 శాతం. బెట్ట తగలని 1323లో 331 సార్లు అనవసరంగా భయపెట్టింది, 25 శాతం. తేడా 0.27. నమూనా 'బెట్ట' అన్నప్పుడు అది నిజమయ్యేది 626లో 295 సార్లు, 47 శాతం. ఏమీ తెలియని రైతుకు ఉండే 30 శాతంతో పోలిస్తే ఇందులో సమాచారం ఉంది. ఎక్కువ లేదు, కానీ ఉంది. యాదృచ్ఛిక మడతలతో వచ్చిన 86.8 అన్న అంకె దీన్ని చెప్పలేదు, 68.1 కూడా చెప్పలేదు. అందుకే ఒకే శాతంతో ముగిసే నివేదికను నేను అసంపూర్ణమనే అంటాను. నాలుగు గళ్లూ పూర్తి సంఖ్యలతో ఉంటే చదివేవారు తమకు కావలసిన కొలత తామే కట్టుకుంటారు.

నాలుగు గళ్లు కూడా ఒక సంగతిని దాచిపెడతాయి. ఆ 567 బెట్ట వరుసల్లో 420 వరుసలు 9 ఏళ్లలోనే ఉన్నాయనుకుందాం. కరువు అలాగే వస్తుంది, ఒక ఏడు జిల్లా అంతటినీ ఒకేసారి పడుతుంది. ఆ 9 ఏళ్లలో నమూనా 5 ఏళ్లను దాదాపు పూర్తిగా పట్టి, 4 ఏళ్లను దాదాపు పూర్తిగా వదిలేసింది. వరుసల లెక్కన 52 శాతానికి అటూ ఇటూ 4 శాతం పొరపాటు అవకాశం అని రాయవచ్చు, చాలామంది అలాగే రాస్తారు. ఏళ్ల లెక్కన చూస్తే మన చేతిలో ఉన్నది తొమ్మిదింట ఐదు. దానికి 95 శాతం నమ్మక వ్యవధి 21 నుంచి 86 శాతం దాకా సాగుతుంది. ఒక్క ఏడు ఇటునుంచి అటు మారితే 11 శాతం మారుతుంది. కనుక పట్టిక పక్కన ఏడాదివారీ వరుస ఒకటి ఉండాలి: ఏ ఏడు ఎన్ని మండలాల్లో బెట్ట, ఎన్నిటిని పట్టింది. ముప్పై వరుసల ఆ చిన్న పట్టిక నమూనా గురించి చెప్పేంత మరేదీ చెప్పదు. వదిలేసిన ఆ నాలుగేళ్లలో ఏం జరిగిందన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

80 శాతం అంటే ఎంత

రైతుకు చేరేది 'బెట్ట' అన్న మాట ఒక్కటే కానక్కర్లేదు. '60 శాతం అవకాశం' అని చెప్పవచ్చు, చెబితేనే మంచిది. ఎందుకంటే ఆగడం కూడా ఉచితం కాదు. ఈ పదును పోతే మళ్లీ ఎప్పుడో తెలియదు. విత్తడం ఆగస్టు నడుమ దాటితే కాయ ఊరే వేళకు వానలు వెనకబడతాయి. ఆగితే ఎకరాకు సుమారు 2000 రూపాయల దిగుబడి పోతుందనీ, విత్తి బెట్ట తగిలితే విత్తనం, కూలీ కలిపి 8000 పోతాయనీ అనుకుంటే, బెట్ట అవకాశం నాలుగో వంతు దాటినప్పుడు ఆగడం లాభం. మరో రైతుకు ఆగితే పోయేది 4000 అయితే ఆ గీత సగం దగ్గర ఉంటుంది. ఇద్దరికీ ఒకే హెచ్చరిక సరిపోదు, ఇద్దరికీ ఒకే సంభావ్యత సరిపోతుంది. కానీ ఆ సంభావ్యత నిజం చెప్పాలి.

నిజం చెబుతోందా అని చూడడమే క్యాలిబ్రేషన్. నమూనా 80 శాతం అన్న సందర్భాలన్నీ ఒకచోట చేర్చి, వాటిలో ఎన్నిసార్లు బెట్ట తగిలిందో లెక్కించాలి. మన ఉదాహరణలో నమూనా 70 శాతానికి పైగా చెప్పిన వరుసలు 240, సగటున చెప్పింది 80, నిజంగా తగిలింది 120 సార్లు, అంటే 50 శాతం. 50 నుంచి 70 మధ్య చెప్పినవి 386, సగటున 60 అంది, తగిలింది 45 శాతం. 50 లోపు చెప్పినవి 1264, సగటున 15 అంది, తగిలింది 21.5 శాతం. పైన అతిగా భయపెడుతోంది, కింద అతిగా భరోసా ఇస్తోంది. బట్టీ పట్టిన నమూనా లక్షణమిది. తెలిసిన ఏళ్లలో అది ఎప్పుడూ సరైనదే కనుక తన మీద తనకు నమ్మకం పెరిగిపోతుంది.

గ్లెన్ బ్రయర్ 1950లో వాతావరణ అంచనాల కోసమే ఇచ్చిన కొలత ఇక్కడ వాడుకోవాలి. చెప్పిన సంభావ్యతకూ జరిగినదానికీ తేడాను వర్గం చేసి సగటు తీయడమే బ్రయర్ స్కోరు. తక్కువైతే మంచిది. ఎప్పుడూ 30 శాతం అని మాత్రమే చెప్పేవారికి 0.21 వస్తుంది. మన నమూనాకు పై మూడు గుంపుల లెక్కన సుమారు 0.214. అంటే సంభావ్యతల పరంగా చూస్తే ఏమీ తెలియని సగటు కంటే కాస్త అధ్వానం. అయినా పియర్స్ కొలతలో దానికి నైపుణ్యం కనిపించింది కదా? రెండూ నిజమే. ఏ వరుస ఎక్కువ ప్రమాదకరమో, ఏది తక్కువో వేరు చేయగలుగుతోంది, ఎంత ప్రమాదకరమో చెప్పలేకపోతోంది. అలెన్ మర్ఫీ 1973లో బ్రయర్ స్కోరును సరిగ్గా ఈ భాగాలుగానే విడగొట్టాడు. చెప్పిన 80ని 50గా, 60ని 45గా, 15ని 21.5గా సరిదిద్దగలిగితే స్కోరు 0.195కి దిగుతుంది, సగటు కంటే 7 శాతం మెరుగు. అది గరిష్ఠ పరిమితి. నిజంగా చేరేది అంతకంటే తక్కువే.

ఎందుకు తక్కువంటే, సరిదిద్దే గీతను కూడా ఎక్కడి నుంచో నేర్చుకోవాలి. పరీక్షించే ఏడాదిని చూసి నేర్చుకుంటే మళ్లీ అదే లీకేజీ. ఒక ఏడాదిని దాచి, మిగిలిన 29 ఏళ్లలో లోపలి మడతలు వేసి, వాటి అంచనాల మీద గీత గీసి, దాచిన ఏడాదికి వర్తింపజేయాలి. గీతకు రెండు పద్ధతులు ప్రసిద్ధం. ప్లాట్ పద్ధతిలో తేల్చవలసినవి రెండే అంకెలు. ఐసోటోనిక్ పద్ధతి ఎన్ని మెట్లైనా వేసుకోగలదు. లక్షల వరుసలున్నప్పుడు రెండోది మేలు. ముప్పై ఏళ్లున్నప్పుడు అది ఒక్కో కరువు ఏడాదికి ఒక్కో మెట్టు కట్టేస్తుంది, కనుక ఇక్కడ మొదటిదే సురక్షితం. క్యాలిబ్రేషన్ బొమ్మలో పది చుక్కలు పెట్టే అలవాటు కూడా మానాలి. ఏళ్ల సంఖ్య చూస్తే మూడు నాలుగు చుక్కలకు మించి మోయలేదు. ఒక్కో చుక్కకూ ఎన్ని వేరువేరు ఏళ్లు ఆధారమో పక్కన రాయాలి.

సరిదిద్దాక నమూనా ఎప్పుడూ 50 శాతం దాటి చెప్పదు. ఇది చూసి కొందరు నిరుత్సాహపడతారు. నాలుగో వంతు గీత ఉన్న రైతుకు మాత్రం ఏమీ మారలేదు. మొదట హెచ్చరిక అందిన 626 సందర్భాల్లోనే ఇప్పుడూ అందుతుంది. సగం దగ్గర గీత ఉన్న రైతుకు మారింది. ముందు '60 శాతం' విని పదును వదులుకునేవాడు, ఇప్పుడు '45 శాతం' విని విత్తుతాడు, సరైన పనే చేస్తాడు. క్యాలిబ్రేషన్ వల్ల ఒరిగేది ఇదీ అని రూపాయల్లో చూపగలిగిన చోటు ఇదే.

ఓవర్‌ఫిట్టింగ్ గురించి ఒప్పుకోవలసినవి

చాలా పత్రాల్లో ఓవర్‌ఫిట్టింగ్ మాట ఒక వాక్యంలో వచ్చి పోతుంది: క్రాస్ వాలిడేషన్ చేశాం కనుక ఆ సమస్య లేదు అని. అది జవాబు కాదు. మడతలు సరిగ్గా వేసినా, నలభై రకాల నమూనాలు ప్రయత్నించి ఎక్కువ మార్కులు వచ్చిన ఒక్కదాన్ని చూపితే ఆ మార్కుల్లో కొంత అదృష్టం ఉంటుంది. ముప్పై ఏళ్ల మీద ఆ అదృష్టపు వాటా చిన్నది కాదు. సుధీర్ వర్మ, రిచర్డ్ సైమన్ 2006లో జన్యు వివరాలతో దీన్ని చూపించారు. అసలు సంబంధమే లేని వివరాల మీద కూడా, ఎంపికకూ మార్కులకూ ఒకే మడతలు వాడితే నమూనా నేర్చుకున్నట్టే కనిపించింది. ఎంపికను లోపలి మడతల్లో, మార్కులను బయటి మడతల్లో ఉంచడమే వాళ్లు చెప్పిన దారి. దానికి తోడు ఎన్ని రకాలు ప్రయత్నించారో ఆ సంఖ్య రాయాలి. బెట్టను 21 రోజులుగా ఎందుకు పెట్టారో, 15 అయితే, 28 అయితే ఏమవుతుందో కూడా చూపాలి. నిర్వచనాన్ని మార్కులు బాగా వచ్చేలా ఎంచుకోవడమూ ఓవర్‌ఫిట్టింగే. ఏ కోడూ దాన్ని పట్టుకోదు.

రెండో ఒప్పుకోలు ఇంకా కష్టమైనది. ఏళ్లే సాక్షులైనప్పుడు నేర్చుకోగలిగిన సంబంధాలు కూడా కొన్నే. ఎల్‌నీనో ఏళ్లయిన 1987, 2002, 2009, 2015లలో దేశంలో రుతుపవనం దెబ్బతింది. ఈ నాలుగింటినే చూసిన నమూనా 'సముద్రం వేడెక్కితే బెట్ట' అని నేర్చుకుంటుంది. శతాబ్దపు అతి బలమైన ఎల్‌నీనోల్లో ఒకటి వచ్చిన 1997లో మాత్రం దేశ వర్షపాతం సాధారణంగానే ఉంది. 1997ను దాచినప్పుడు నమూనా ఏం చెప్పింది, 1997ను చూపి 2002ను దాచినప్పుడు ఏం చెప్పింది అన్న రెండు జవాబులూ నివేదికలో ఉండాలి. మొదటిదానిలో నిండు నమ్మకంతో తప్పు చెబితే, ఆ నమ్మకం నాలుగు సందర్భాల మీద నిలబడినదని పాఠకుడికి తెలుస్తుంది. నీనో సూచీని తీసేస్తే మార్కులు ఎంత పడతాయో, ఏళ్లను పది నుంచి ముప్పైకి పెంచుతూ పోతే మార్కులు ఇంకా పెరుగుతున్నాయా ఆగిపోయాయా అన్న గీత కూడా దీనికి తోడు రావాలి. గీత ఇంకా పెరుగుతూనే ఉంటే నమూనాకు మరిన్ని ఏళ్లు కావాలి. అనంతపురంలో మరో పదేళ్ల వివరాలు కావాలంటే పదేళ్లు ఆగాలి. లేదా 1986కు వెనక్కి వెళ్లాలి, కానీ మోడిస్ ఇచ్చే పచ్చదనం అక్కడ దొరకదు. మోడిస్ చిత్రాలు 2000లోనే మొదలయ్యాయి. వాటిని వాడిన నమూనాకు 2015 నాటికి ఉన్న సాక్షులు 30 కాదు, దాదాపు సగం. మార్కులు పెంచే కొత్త గడి తెచ్చి సాక్షులను సగానికి తగ్గించుకోవడం లాభమా అన్నది ప్రతి జట్టూ బహిరంగంగా తేల్చుకోవలసిన విషయం.

చివరిగా, ముట్టుకోని ఏళ్లు. మన ఉదాహరణ 2015తో ఆగింది. 2016 నుంచి గడిచిన ఖరీఫ్ దాకా ఏళ్లన్నీ ఒక అరలో పెట్టి, నమూనా, దాని గీత, నిర్వచనం అన్నీ ఖరారై రాతపూర్వకంగా నమోదయ్యాకే వాటిని తెరవాలి. ఒక్కసారే తెరవాలి. వచ్చిన అంకె నచ్చకపోయినా అదే అచ్చవ్వాలి. అక్కడి నుంచి ప్రతి జూన్‌లో, మొదటి పదునుకు ముందే, మండలంవారీ సంభావ్యతలను తేదీతో సహా బహిరంగంగా ఉంచి, అక్టోబరులో జరిగినది పక్కన చేర్చాలి. రేకులకుంటలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం లాంటి చోట, రైతులు వచ్చిపోయే గోడ మీద ఆ రెండు వరుసలూ పక్కపక్కన అంటించవచ్చు. ఏడాదికి ఒక్క సాక్షి చొప్పున చేరుతుంది. నమూనా చెప్పిన 45 శాతం నిజంగా 45 శాతమేనా అని రైతు తానే సరిచూసుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.